బహుపది × e^(ax) ఇంటిగ్రల్: టేబుల్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

ప్రశ్న: సర్, ∫(x³ − 4x + 1)e^(2x) dx లాంటి లెక్కకి మూడుసార్లు బై పార్ట్స్ చేయాల్సి వస్తోంది, మధ్యలో ఎక్కడో ఒక మైనస్ పోతోంది. మా ఫ్రెండ్ రెండు నిలువు వరసల టేబుల్ వేసి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఇది అన్నిటికీ వాడొచ్చా? నేను e^(−x)/x కి వేస్తే ఎంతకీ ఆగడం లేదు. ఎక్కడ పనిచేయదో ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు:

అన్నిటికీ వాడకూడదు. మొదటి లెక్కకి మాత్రం ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. రెండోదానికి టేబుల్ ఎప్పటికీ ముగియదు, అది మీ పొరపాటు కాదు. ఈ రెండింటి మధ్య తేడా అంతా టేబుల్లోని చివరి అడ్డువరసలో ఉంటుంది. ఈ పద్ధతి నేర్పేటప్పుడు చాలామంది ఆ వరస గురించి ఒక్క మాట కూడా చెప్పరు. ఏటవాలు గీతలు గీయించి, ప్లస్ మైనస్ పెట్టించి వదిలేస్తారు. అందుకే ముందు మీ లెక్క చేసి, తర్వాత ఆ వరస సంగతి చూద్దాం.

ఎడమ వరసలో బహుపదిని పెట్టి సున్నా వచ్చేదాకా డెరివేటివ్ చేసుకుంటూ పోవాలి. కుడి వరసలో e^(2x) పెట్టి అన్నిసార్లు ఇంటిగ్రేట్ చేయాలి.

```
గుర్తు     D              I
 +      x³ − 4x + 1    e^(2x)
 −      3x² − 4        e^(2x)/2
 +      6x             e^(2x)/4
 −      6              e^(2x)/8
 +      0              e^(2x)/16
```

ఇప్పుడు D లోని ప్రతి పదాన్నీ దాని కింది వరసలో ఉన్న I తో ఏటవాలుగా గుణించి, D పక్కనున్న గుర్తు పెట్టాలి. e^(2x) అన్నిట్లోనూ ఉంది కాబట్టి బయటికి తీసేస్తే ఇది మిగులుతుంది:

```
e^(2x) · [ (x³ − 4x + 1)/2 − (3x² − 4)/4 + 6x/8 − 6/16 ] + C
```

బ్రాకెట్ సర్దితే x³ కి 1/2, x² కి −3/4 వస్తాయి. x కి −2 + 3/4, అంటే −5/4. స్థిరపదం 1/2 + 1 − 3/8, అంటే 9/8. కాబట్టి జవాబు e^(2x)·(x³/2 − 3x²/4 − 5x/4 + 9/8) + C.

ఇక్కడితో పెన్ను పక్కన పెట్టేయకండి. సరిచూడటానికి అర నిమిషం చాలు. బ్రాకెట్లో ఉన్నదాన్ని Q అనుకుంటే, e^(2x)·Q డెరివేటివ్ e^(2x)·(2Q + Q′) అవుతుంది. అంటే 2Q + Q′ చేస్తే మొదటి బహుపది తిరిగి రావాలి. 2Q అంటే x³ − 3x²/2 − 5x/2 + 9/4. Q′ అంటే 3x²/2 − 3x/2 − 5/4. రెండూ కలిపితే x² పదాలు కొట్టేసుకుపోతాయి, x కి −4, స్థిరపదం 1 వస్తాయి. x³ − 4x + 1 వచ్చేసింది. I వరసలో 2 తో భాగించాల్సిన చోట గుణించేసినా, ఒక గుర్తు జారిపోయినా ఇక్కడ పట్టుబడిపోతుంది.

గుర్తులు ఎక్కువగా జారేది e^(−x) లాంటి వాటి దగ్గర. అక్కడ రెండు రకాల మైనస్‌లు ఉంటాయి: టేబుల్ పక్కన మనం రాసే ప్లస్ మైనస్‌లు ఒకటి, I వరసలో దానంతట అది వచ్చే −, +, −, + ఇంకోటి. ∫x²e^(−x) dx కి I వరస e^(−x), −e^(−x), e^(−x), −e^(−x). రెండు రకాల గుర్తులూ కలిస్తే ప్రతి పదమూ మైనస్ అవుతుంది, జవాబు −e^(−x)(x² + 2x + 2) + C. ఘాతంలో మైనస్ ఉన్నప్పుడు బహుపదీ దాని డెరివేటివ్‌లూ అన్నీ ఒకే గుర్తుతో రావాలని గుర్తుంచుకోండి. మధ్యలో గుర్తు మారిందంటే ఏదో ఒక మైనస్‌ని మీరు రెండుసార్లు లెక్కపెట్టారు, లేదా ఒకసారి మర్చిపోయారు.

ఇప్పుడు ఆ చివరి వరస సంగతి. బై పార్ట్స్ ఒకసారి చేస్తే ఒక పదం బయటికి వస్తుంది, ఒక ఇంటిగ్రల్ మిగులుతుంది. టేబుల్లో ఏటవాలు గుణకారాలు బయటికి వచ్చిన పదాలు. మరి మిగిలిన ఇంటిగ్రల్ ఎక్కడుంది? మీరు ఏ వరస దగ్గర ఆగితే ఆ వరసలోని D, I లను అడ్డంగా గుణించి, ఆ వరస గుర్తు పెట్టి ఇంటిగ్రేట్ చేస్తే అదే. పై టేబుల్లో 6x దగ్గర ఆగామనుకోండి. అప్పుడు రాయాల్సింది ఇది:

```
(x³ − 4x + 1)·e^(2x)/2 − (3x² − 4)·e^(2x)/4 + ∫ 6x · e^(2x)/4 dx
```

ఇది కూడా పూర్తిగా సరైన సమానత్వమే. టేబుల్‌ని ఏ వరస దగ్గరైనా ఆపొచ్చు, ఆ అడ్డు ఇంటిగ్రల్ రాసినంతవరకూ ఏ తప్పూ లేదు. మనం సున్నా దాకా వెళ్లేది ఎందుకంటే, ఆ వరసలో అడ్డంగా గుణిస్తే సున్నా కాబట్టి ఇక రాయడానికి ఏమీ మిగలదు. డిగ్రీ n ఉన్న బహుపది n+1 డెరివేటివ్‌లకి తప్పకుండా సున్నా అవుతుంది, e^(ax) ని ఎన్నిసార్లు ఇంటిగ్రేట్ చేసినా a తో భాగించడం తప్ప వేరే పని లేదు. ఈ జంటకి టేబుల్ ఇంత బాగా కుదిరేది అందుకే. కొన్ని బీటెక్ పుస్తకాలు దీన్నే బెర్నౌలీ ఫార్ములా అని రాస్తాయి, పేరు ఏదైనా జరిగేది ఇదే.

అడ్డు ఇంటిగ్రల్ సున్నా కాకపోయినా ఫర్వాలేదు, అది మనం చేయగలిగేది అయితే చాలు. ∫x² ln x dx లో ln x ని D లో పెడితే అది ఎన్నటికీ సున్నా కాదు. కానీ రెండో వరసలోనే 1/x, x³/3 వస్తాయి, అడ్డంగా గుణిస్తే x²/3. అక్కడే ఆగి ఇంటిగ్రేట్ చేసేస్తే (x³/3) ln x − x³/9 వచ్చేస్తుంది. e^x sin x కి మూడో వరసలో మొదటి ఇంటిగ్రలే మైనస్ గుర్తుతో తిరిగి వస్తుంది, దాన్ని ఎడమవైపుకి తీసుకెళ్లి 2 తో భాగిస్తే అయిపోయింది. "సున్నా రాలేదు కాబట్టి టేబుల్ పనిచేయదు" అనుకోవడం కూడా తప్పే అని చెప్పడానికే ఈ రెండూ.

ఇక మీ e^(−x)/x. 1/x ని D లో పెడితే −1/x², 2/x³, −6/x⁴ అలా పోతుంది. హారంలో ఘాతం పెరుగుతుంది, లవంలో ఫాక్టోరియల్ పెరుగుతుంది, సున్నా మాత్రం రాదు. అడ్డు ఇంటిగ్రల్ కూడా ప్రతిసారీ ముందుదానికంటే మొండిగా తయారవుతుంది. తిరగేసి e^(−x) ని D లో, 1/x ని I లో పెడితే ln x, x ln x − x అంటూ ఇంకా గజిబిజి. అసలు ఈ ఇంటిగ్రల్‌కి మనకు తెలిసిన ప్రమేయాలతో జవాబే లేదు. ఈ తరహా ప్రశ్నలను 1830లలో ఫ్రెంచ్ గణితవేత్త లియోవిల్ తేల్చాడు. కాబట్టి ఏ పద్ధతితోనూ దీనికి మామూలు జవాబు రాదు.

అయితే ఆ ఆగని టేబుల్ పూర్తిగా దండగ కాదు. నాకు ఈ టాపిక్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, సిలబస్‌లో లేకపోయినా చెబుతాను. 10 నుంచి అనంతం వరకు e^(−x)/x ఇంటిగ్రల్ తీసుకోండి. టేబుల్‌లోని ఏటవాలు పదాలు ఇలా వస్తాయి:

```
(e^(−10)/10) · [ 1 − 1/10 + 2/100 − 6/1000 + 24/10000 − … ]
```

బ్రాకెట్‌ని ఒక్కో పదం కలుపుతూ పోతే 1, 0.9, 0.92, 0.914, 0.9164, 0.9152, 0.91592, 0.915416 వస్తాయి. బ్రాకెట్ అసలు విలువ 0.915633 దగ్గర ఉంటుంది. అంటే ఎనిమిది పదాలకే మూడు దశాంశాలు కుదిరాయి. ఇంకా కలిపితే ఇంకా బాగుంటుందని ఆశపడితే మాత్రం దెబ్బతింటాం. n వ పదం n!/10^n కదా, n పది దాటాక అది తగ్గడం మాని పెరగడం మొదలుపెడుతుంది. n = 25 కి ఆ ఒక్క పదమే సుమారు 1.55, మొదటి పదం కంటే పెద్దది. ఈ శ్రేణి ఏ x కీ అభిసరించదు, కానీ పెద్ద x కి సరైన చోట ఆపితే మంచి ఉజ్జాయింపు ఇస్తుంది. ఆపిన తర్వాత వచ్చే పొరపాటు ఎంత అంటే, మనం రాయకుండా వదిలేసిన ఆ అడ్డు ఇంటిగ్రల్ అంతే. పదాలు చిన్నవవుతున్నంతసేపు అదీ చిన్నదవుతుంది, తర్వాత అదీ పెరుగుతుంది.

పరీక్షల్లో ఎక్కువగా తగిలే ఇంకో రకం e^(x²). చూడగానే "బహుపది ఇంటూ ఎక్స్‌పొనెన్షియల్" లాగే కనిపిస్తుంది, అందుకే పిల్లలు వెంటనే టేబుల్ వేసేస్తారు. I వరసలో e^(x²) పెట్టగానే రెండో వరస రాయలేం, దానికి ఇంటిగ్రల్ మామూలు ప్రమేయాల్లో లేదు. కొందరు ఇక్కడ e^(x²)/(2x) అని రాసేస్తారు. ఘాతం x లో సరళంగా ఉన్నప్పుడే అలా భాగించొచ్చు. అలా రాసినవాళ్లు దాన్ని ఒక్కసారి డెరివేటివ్ చేసి చూసుకుంటే చాలు: e^(x²) తో పాటు −e^(x²)/(2x²) అనే అదనపు ముక్క వస్తుంది.

x³e^(x²) అయితే దారి ఉంది. దాన్ని x² · (x e^(x²)) గా విడదీసి, x² ని D లో, x e^(x²) ని I లో పెట్టండి. రెండో వరసలో 2x, e^(x²)/2 వస్తాయి. మూడో వరసకి వెళ్లలేం, కానీ వెళ్లాల్సిన పని లేదు. ఇక్కడే ఆగితే అడ్డు గుణకారం x e^(x²), దాని ఇంటిగ్రల్ e^(x²)/2. జవాబు (x² − 1)e^(x²)/2 + C. మీకు t = x² అని పెట్టి చేయడం తేలిక అనిపిస్తే అలాగే చేయండి, అప్పుడు (1/2)∫t e^t dt వచ్చి మామూలు టేబుల్ అయిపోతుంది.

అదే x²e^(x²) ఇస్తే? x ని D లో, x e^(x²) ని I లో పెడితే రెండో వరసలో 1, e^(x²)/2 వస్తాయి, అడ్డు ఇంటిగ్రల్ (1/2)∫e^(x²) dx మిగిలిపోతుంది. దాన్ని దాటలేం. ఎందుకు దాటలేమో మనం జవాబు సరిచూసుకున్న సమీకరణంతోనే తెలుసుకోవచ్చు. ∫e^(x²) dx కి మామూలు జవాబు ఉంటే అది Q·e^(x²) రూపంలోనే ఉండాలని, Q బహుపదుల భిన్నం కావాలని లియోవిల్ ఫలితం చెబుతుంది. డెరివేటివ్ చేస్తే Q′ + 2xQ = 1 రావాలి. Q బహుపది అయితే 2xQ డిగ్రీ కనీసం 1 ఉంటుంది, Q′ డిగ్రీ అంతకంటే తక్కువ, కాబట్టి పై ఘాతం కొట్టుకుపోయే అవకాశమే లేదు, కుడివైపు ఒట్టి 1 రాదు. Q హారంలో x ఏదైనా విలువ దగ్గర సున్నా అయితే, Q′ లో ఆ హారం ఘాతం ఇంకొకటి పెరుగుతుంది, దాన్ని కొట్టేయడానికి 2xQ చాలదు. e^(ax) కి మాత్రం సమీకరణం Q′ + aQ = P, ఇక్కడ P అంటే మనకిచ్చిన బహుపది. a సున్నా కానంతవరకూ పై ఘాతం నుంచి కిందికి ఒక్కో గుణకం దొరుకుతూ వస్తుంది. టేబుల్ చేసేది అదే పని.

"a సున్నా కానంతవరకూ" అన్న ఆ చిన్న షరతు దగ్గర బీటెక్ ఫస్టియర్ వాళ్లు ఫోరియర్ సిరీస్‌లో ఇరుక్కుంటారు. −π నుంచి π వరకు x²e^(−inx) తీసుకోండి. టేబుల్ వేస్తే మొదటి పదం, మూడో పదం రెండు కొసల్లోనూ సమానంగా ఉండి పోతాయి. మధ్య పదం నుంచి 4π(−1)^n/n² వస్తుంది. చక్కని జవాబే, కానీ n = 0 పెట్టి చూడండి, హారం సున్నా. టేబుల్లో మొదటి అడుగులోనే −in తో భాగించేశాం, n = 0 ని అక్కడే వదులుకున్నాం. దానికి విడిగా ఒట్టి x² ని ఇంటిగ్రేట్ చేసి 2π³/3 రాసుకోవాలి. a₀ ని ప్రతి పుస్తకమూ విడిగా చేయిస్తుందే, కారణం ఇదే.

a సరిగ్గా సున్నా కాకుండా సున్నాకి దగ్గరగా ఉంటే కాగితం మీద ఇబ్బంది లేదు, కంప్యూటర్లో మాత్రం ఉంది. 0 నుంచి 1 వరకు x³e^(ax) లెక్కలో a = 0.0001 అనుకోండి. జవాబు 0.25 కి కాస్త ఎక్కువ ఉండాలి. కానీ టేబుల్ ఫార్ములాలో 6/a⁴ ఉంది, అది 6×10^16. అంత పెద్ద పదాలు ఒకదాన్నొకటి కొట్టుకుని 0.25 మిగలాలి. మామూలు డబుల్ ప్రెసిషన్‌లో 6×10^16 దగ్గర పక్కపక్కనున్న రెండు సంఖ్యల మధ్య దూరమే 8, ఇక 0.25 ఎక్కడి నుంచి వస్తుంది? ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు 0 గానో 8 గానో కనిపిస్తే ఫార్ములా తప్పని వెతక్కండి. a చిన్నదైనప్పుడు e^(ax) నే శ్రేణిగా విప్పి 1/4 + a/5 + a²/12 + … అని కలపాలి.

ఇక నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదమైనది, టేబుల్ చక్కగా సున్నా దగ్గర ఆగి తప్పు జవాబు ఇచ్చే రకం. 1/x, e^(x²) లాంటివి కనీసం మొరాయిస్తాయి, ఇది నవ్వుతూనే ముంచుతుంది. −1 నుంచి 1 వరకు |x|e^x తీసుకోండి. D వరసలో |x|, తర్వాత దాని డెరివేటివ్ (x ధనాత్మకమైతే 1, రుణాత్మకమైతే −1), తర్వాత 0. I వరసంతా e^x. ఏటవాలుగా గుణిస్తే |x|e^x − (±1)e^x. x = 1 దగ్గర e − e = 0. x = −1 దగ్గర 1/e + 1/e = 2/e. తీసివేస్తే జవాబు −2/e.

|x|e^x ఎక్కడా రుణాత్మకం కాదు, దాని ఇంటిగ్రల్ −0.74 ఎలా అవుతుంది? తప్పు ఎక్కడంటే, డెరివేటివ్ 0 దగ్గర −1 నుంచి 1 కి ఒక్కసారిగా దూకింది. ఆ దూకుడిని మనం "డెరివేటివ్ సున్నా" అని రాసి మింగేశాం. 0 దగ్గర రెండు ముక్కలు చేసి టేబుల్ వేస్తే, 0 నుంచి 1 వరకు 1 వస్తుంది, −1 నుంచి 0 వరకు 1 − 2/e వస్తుంది. మొత్తం 2 − 2/e, సుమారు 1.264. మొదట వచ్చినదానికీ దీనికీ తేడా సరిగ్గా 2, అంటే ఆ దూకుడు (2) ఇంటూ అక్కడి e^0.

ఈఏపీసెట్, జేఈఈ లెక్కల్లో |x| కంటే [x] తో ఈ ఉచ్చు ఇంకా బాగా పనిచేస్తుంది. 0 నుంచి 5/2 వరకు [x]e^x కి టేబుల్ వేస్తే D వరస [x], 0 తో ఆగిపోతుంది, జవాబు 2e^(5/2) అని వస్తుంది. 1, 2 దగ్గర ముక్కలు చేస్తే అసలు జవాబు (e² − e) + 2(e^(5/2) − e²), అంటే 2e^(5/2) − e² − e. తగ్గిన ఆ e, e² లు 1 దగ్గర, 2 దగ్గర ఒక్కొక్క మెట్టు ఎక్కినందుకు పోవాల్సినవి. కాబట్టి D లో పెట్టేదానిలో |x|, [x], లేదా "x < 1 అయితే ఇది, లేకపోతే అది" అని రెండు రకాలుగా ఇచ్చిన ప్రమేయం కనబడితే, గీతలు గీయకముందే విరిగే చోట్లు రాసుకుని, ఒక్కో ముక్కకి విడిగా టేబుల్ వేయండి.